అష్టాంగ యోగమూ యోగా క్లాసూ ఒకటేనా? పతంజలి లెక్కలో ఆసనం చోటు

ప్రశ్న: "నేను బెంగళూరులో బీఏ ఫిలాసఫీ రెండో సంవత్సరం చదువుతున్నాను. 'అష్టాంగ యోగాన్ని నేటి వ్యాయామ యోగా నుంచి వేరుచేసి చర్చించండి' అని అసైన్‌మెంట్ ఇచ్చారు. మా పీజీ పక్క వీధిలో 'అష్టాంగ యోగా' అని బోర్డుంది. అక్కడ గంటన్నర సేపు ఒళ్ళు వంచడమే. అదీ ఇదీ ఒకటేనా? ఎనిమిది మెట్లు అని రాసేస్తే సరిపోతుందా?"

జవాబు: ఒకటి కావు. పేరు మాత్రమే కలిసింది. పతంజలి చెప్పిన అష్టాంగాలు యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి. వీటిలో ఆసనం మూడోది. ఆయన 195 యోగసూత్రాల్లో (కొన్ని ప్రతుల్లో 196) దానికి దక్కినవి మూడే మూడు సూత్రాలు. ఆ మూడూ కదలకుండా కూర్చోవడం గురించే. ఇక మెట్లు అన్న మాట సగమే నిజం. కొన్ని అంగాల మధ్య వరస ఉంది, కొన్నిటి మధ్య లేదు. అంగం అన్న మాటకు అసలు అర్థమేమిటో పట్టుకుంటే మీ అసైన్‌మెంటు దాదాపు అయిపోయినట్టే. అందుకే ఎనిమిదింటినీ సమానంగా వివరించకుండా, ఆ ఒక్క దారం పట్టుకుని వెళ్తాను.

ముందు గురి ఏమిటో చూడాలి. "యోగమంటే కలయిక, జీవాత్మ పరమాత్మల ఐక్యం" అన్న వాక్యంతో చాలామంది మొదలుపెడతారు. ఈ దర్శనంలో అది తప్పు. యోగసూత్రాల మీద మనకు దొరికే మొదటి వ్యాఖ్య వ్యాసభాష్యం. అది మొదటి సూత్రం దగ్గరే "యోగః సమాధిః" అని తేల్చేస్తుంది. సంస్కృతంలో యుజ్ ధాతువుకు కలపడం అని ఒక అర్థం, సమాధి అని ఇంకో అర్థం. ఇక్కడ తీసుకోవలసింది రెండోదేనని ఆ భాష్యానికి టీక రాసిన వాచస్పతి మిశ్రుడు స్పష్టంగా రాశాడు. పదకొండో శతాబ్దపు భోజరాజు ఇంకో అడుగు ముందుకేసి, తన వ్యాఖ్య మొదట్లో ఒక చమత్కార శ్లోకం పెట్టాడు. పురుషుడూ ప్రకృతీ విడిపోవడాన్నే యోగమని చెప్పిన పతంజలి మాట ఎంత అపూర్వమైనదో అని. విడిపోవడం పేరు కలయిక! ఈ శ్లోకాన్ని మీ సమాధానంలో తప్పకుండా ప్రస్తావించండి. ఇది సాంఖ్యం పునాదిగా నిలిచిన దర్శనమని అధ్యాపకులకు ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

విడిపోవడం అంటే ఏమిటి? చూసేవాడు (ద్రష్ట), అంటే పురుషుడు, వేరు. చూడబడేది (దృశ్యం), అంటే ప్రకృతి, వేరు. ఒళ్ళు, ఇంద్రియాలు, మనసు, బుద్ధి, మనం "నా ఆలోచన" అనుకునేదంతా దృశ్యం కిందికే వస్తుంది. ఈ రెంటినీ ఒకటిగా పొరబడటమే దుఃఖానికి మూలమని 2.17, అంటే రెండో పాదం పదిహేడో సూత్రం, చెబుతుంది. ఆ పొరపాటు పేరు అవిద్య (2.24). దానికి మందు వివేకఖ్యాతి, అంటే ద్రష్టా దృశ్యమూ వేరన్న తెలివి ఎడతెగకుండా నిలవడం (2.26). అష్టాంగాలు వచ్చేది దీని తర్వాతే. "ఈ వివేకఖ్యాతి ఎలా వస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబుగా వస్తాయి. ఈ ప్రశ్నను వదిలేసి ఎనిమిది పేర్లు మాత్రం వరసగా రాస్తే అది జాబితా అవుతుంది కానీ తత్త్వశాస్త్రం అవ్వదు.

అంగం అంటే ఏ రకం కారణం?

సూత్రం 2.28 ఇలా ఉంటుంది: "యోగాంగానుష్ఠానాదశుద్ధిక్షయే జ్ఞానదీప్తిరావివేకఖ్యాతేః." అంగాలను ఆచరిస్తూ పోతే మలినం తరుగుతుంది, తరిగిన కొద్దీ జ్ఞానం వెలుగుతుంది, వివేకఖ్యాతి దాకా. ఈ సూత్రం దగ్గర వ్యాసభాష్యం ఆగి, లోకంలో కారణాలు తొమ్మిది రకాలని లెక్క తీస్తుంది. తొమ్మిదీ మీకు అక్కర్లేదు, రెండు చాలు. అంగాలు మలినానికి వియోగకారణం, అంటే విడగొట్టే కారణం. నరికే చెట్టుకు గొడ్డలి ఎలాగో అలాగ. వివేకఖ్యాతికేమో ప్రాప్తికారణం, అంటే అందేలా చేసే కారణం. సుఖానికి ధర్మం ఎలాగో అలాగ. ఇంకే రకంగానూ కారణం కావని కూడా భాష్యం గీత గీసేస్తుంది.

దీనివల్ల తేలేది చాలా పెద్ద విషయం. కుమ్మరి కుండను చేసినట్టు అంగాలు జ్ఞానాన్ని తయారుచేయవు. అడ్డం తీసేస్తాయి, అంతే. నాలుగో పాదంలో ఇంకో సందర్భంలో, ప్రకృతి మార్పుల గురించి చెబుతూ పతంజలే ఒక రైతు పోలిక ఇచ్చాడు (4.3). ఒక మడి నిండాక పక్క మడికి నీళ్ళు పెట్టాలంటే రైతు నీళ్ళను చేత్తో మోసుకుపోడు. గట్టు తెంచుతాడు, నీళ్ళు వాటంతటవే పారతాయి. పల్లెలో పొలానికి నీళ్ళు కట్టినవాళ్ళకు ఇది ఇంకెవరూ వివరించక్కర్లేదు. అంగాల పని తీరు కూడా ఈ గట్టు తెంచే పనే.

ఇప్పుడు వ్యాయామ యోగాను దీని పక్కన పెట్టండి. అక్కడ తర్కం తిరగబడుతుంది. ఇంత సాధన చేస్తే ఇంత వంగుతాం, ఇంత బలం వస్తుంది, ఒత్తిడి ఇంత తగ్గుతుంది. లేనిదాన్ని కూడగట్టడం అక్కడ పని. ఉన్నదాన్ని కప్పిన పొరను తీయడం ఇక్కడ పని. రెండింటికీ ఒకే కాలు, ఒకే వెన్ను, ఒకే చాప వాడినా కారణమనే మాటకు అర్థం మారిపోయింది. మీ అసైన్‌మెంటుకు వెన్నెముక ఇదే కావాలని నా అభిప్రాయం. "అది దేహానికి, ఇది ఆత్మకు" అన్న వాక్యం అందరూ రాస్తారు, దానితో ఏమీ తేలదు.

మెట్ల సంగతీ ఇక్కడే తేలుతుంది. అంగమన్న మాట మనకు కొత్త కాదు. వేదానికి ఆరు అంగాలు: శిక్ష, వ్యాకరణం, ఛందస్సు, నిరుక్తం, జ్యోతిషం, కల్పం. శిక్ష పూర్తిచేసి దాన్ని వదిలేసి వ్యాకరణానికి ఎక్కుతామని ఎవరూ అనరు. అన్నీ కలిసి వేదానికి ఆసరా. ఇక్కడా అంతే. మెట్టు అయితే ఎక్కాక వెనక పడిపోతుంది. యమాలు వెనక పడవు. వాటిని 2.31 "సార్వభౌమ మహావ్రతం" అంటుంది, అంటే అన్ని స్థితుల్లోనూ సాగవలసిందే. కానీ కొన్ని చోట్ల వరస నిజంగా ఉంది. ప్రాణాయామ సూత్రం (2.49) "తస్మిన్ సతి" అని మొదలవుతుంది, అంటే ఆసనం కుదిరిన తర్వాత అని. ధ్యాన సూత్రం "తత్ర" అని ధారణను, సమాధి సూత్రం "తదేవ" అని ధ్యానాన్ని వేలెత్తి చూపిస్తాయి. యమ నియమాల నుంచి ఆసనానికి మాత్రం ఇలాంటి ముడి మాట ఏదీ లేదు. ఈ చిన్న మాటలు చూపిస్తూ "వరస ఉన్నచోట సూత్రమే చెబుతుంది, లేనిచోట మనం కల్పించకూడదు" అని రాస్తే మెట్ల ప్రశ్నకు మూలం ఆధారంగా జవాబిచ్చినట్టు అవుతుంది.

యమం: క్లాసు గోడ మీద రాసేది కాదు

యమ నియమాలకు పతంజలి 2.30 నుంచి 2.45 దాకా పదహారు సూత్రాలు కేటాయించాడు. ఆసనానికి మూడే అని పైన చెప్పాను. ఆయన బరువు ఎక్కడ పెట్టాడో దీన్నిబట్టే అర్థమవుతుంది. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అని ఐదు యమాలు. యోగా స్టూడియోల్లో వీటిని మంచి మాటలుగా గోడ మీద రాస్తారు. మూలంలో ఇవి మంచి మాటలు కావు, మినహాయింపుల్లేని వ్రతాలు.

మినహాయింపు అంటే ఏమిటో భాష్యం ఉదాహరణలతో చెబుతుంది. చేపలు పట్టేవాడు "చేపల్ని తప్ప ఇంక దేన్నీ చంపను" అంటే అతని అహింస జాతితో కట్టుబడింది. "పుణ్యక్షేత్రంలో చంపను" అంటే చోటుతో కట్టుబడింది. "చతుర్దశి నాడు చంపను" అంటే కాలంతో. "దేవుడి కోసం, బ్రాహ్మల కోసం తప్ప చంపను" అంటే సమయంతో. ఇక్కడ సమయమంటే గడియారం టైము కాదు, ఆచారపు ఒప్పందం. విద్యార్థులు తరచూ పప్పులో కాలేసేది ఇక్కడే. కాలం, సమయం ఒకటే అనుకుని నాలుగు హద్దుల్ని మూడు చేసేస్తారు. ఈ నాలుగు హద్దులూ చెరిగిపోతేనే అది మహావ్రతం. మన ఇళ్ళలో "శనివారం మాంసం ముట్టం" అనే నియమం ఈ లెక్కన కాలంతో కట్టుబడిన అహింస. దాన్ని చులకన చేయనక్కర్లేదు, కానీ పతంజలి అడిగే మహావ్రతం అది కాదు.

యమం తప్పినప్పుడు ఏం జరుగుతుందో 2.34 విడదీసి చూపిస్తుంది. ఇది మీకు బాగా దగ్గరి ఉదాహరణతో చేద్దాం. అస్తేయం తీసుకోండి. భాష్యం ప్రకారం అది ఇతరుల సొత్తు తీసుకోకపోవడంతో ఆగదు, దాని మీద ఆశే లేకపోవడం. ఒక విద్యార్థి స్నేహితుడి అసైన్‌మెంటు కాపీ కొట్టాడనుకుందాం. ముందు, పని ఎలా జరిగిందో చూడాలి. తానే కాపీ కొట్టాడా (కృతం), జూనియర్ చేత కొట్టించాడా (కారితం), పక్కవాడు కొడుతుంటే "పర్లేదు లేరా" అన్నాడా (అనుమోదితం). తర్వాత, దేనివల్ల. మార్కుల మీద ఆశతోనా (లోభం), ఆ స్నేహితుడి మీద కసితోనా (క్రోధం), "ఇందులో తప్పేముంది, అందరూ చేసేదే" అన్న తెలియనితనంతోనా (మోహం). చివరికి, ఎంత తీవ్రంగా. మెత్తగానా, మధ్యస్థంగానా, మితిమీరా. మూడు మూళ్ళు తొమ్మిది, మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. ఒక్క తప్పుకే 27 రూపాలు. భాష్యం తీవ్రతను మళ్ళీ మూడుగా చీల్చి 81 దాకా తీసుకెళ్తుంది.

ఇంత లెక్క ఎందుకంటే, "నేను చేయలేదు కదా" అనే తప్పించుకునే దారి మూయడానికి. పర్లేదు లేరా అన్నవాడు కూడా లెక్కలోకి వచ్చేశాడు చూడండి. మందేమిటంటే ప్రతిపక్షభావన (2.33), ఎదురు తలపు పెట్టుకోవడం. అయితే అది "నేను మంచివాణ్ణి" అని తనకు తాను చెప్పుకోవడం కాదు. ఈ పని ఫలం దుఃఖం, అజ్ఞానం, వీటికి అంతు లేదు అని పని ఫలితాన్ని చూడటం. సూత్రంలో "దుఃఖాజ్ఞానానంతఫలాః" అన్న మాట ఉన్నది ఇందుకే. స్టూడియోలో చెప్పే పాజిటివ్ థింకింగ్‌కూ దీనికీ తేడా ఈ మాటలోనే ఉంది.

నియమాల్లో ఒక్కటే చెప్పి ముందుకు వెళ్తాను. వ్యాయామ యోగాతో నేరుగా ఢీకొనే సూత్రం అది. శౌచం, అంటే శుభ్రత. దాని ఫలం ఏమిటని 2.40 చెబుతుందో చూడండి: "శౌచాత్ స్వాంగజుగుప్సా పరైరసంసర్గః." తన ఒంటి మీద తనకే ఏవగింపు, ఇతరుల ఒళ్ళు తాకాలన్న కోరిక పోవడం. ఎంత కడిగినా ఒళ్ళు మళ్ళీ మాసేదే కాబట్టి దాని మీద వ్యామోహం సడలుతుందని భావం. ఇప్పుడు ఏ యోగా ప్రకటననైనా తీసుకోండి. నిలువుటద్దం ముందు చక్కటి ఒళ్ళు. రెండూ ఒకే పేరు పెట్టుకున్నాయి, కానీ ఒళ్ళు చూసే చూపు పూర్తిగా ఎదురెదురు. ఇంత కటువైన సూత్రాన్ని ఆధునిక పుస్తకాలు కొన్ని "స్వచ్ఛత వల్ల మనసు ప్రశాంతం" అని మెత్తబరుస్తాయి. నిజానికి మనసు తేటపడటం, ఏకాగ్రత, ఇవి వచ్చేది దాని తర్వాతి సూత్రంలో (2.41). రెండూ రాయండి, మొదటిది దాచకండి.

ఆసనం: మూడు సూత్రాలు దగ్గరగా

2.46 "స్థిరసుఖమాసనమ్." కదలకుండా, హాయిగా ఉండేది ఆసనం. ఆసనమన్న మాటకే కూర్చోవడమనీ కూర్చునే పీట అనీ అర్థం. భాష్యం కొన్ని పేర్లు చెబుతుంది: పద్మాసనం, వీరాసనం, భద్రాసనం, స్వస్తికం, దండాసనం, సోపాశ్రయం, పర్యంకం, క్రౌంచ పక్షిలా, ఏనుగులా, ఒంటెలా కూర్చోవడం, ఇంకా కొన్ని. వీటిలో సోపాశ్రయమంటే ఆసరాతో కూర్చోవడం. అంటే యోగపట్టం లాంటి ఊతం పెట్టుకున్నా తప్పు లేదు. చివర్లో "యథాసుఖం" అని కూడా ఉంది, ఎలా హాయిగా ఉంటే అలా. ఈ వరసలో నిలబడి చేసేవి లేవు, తలకిందులుగా చేసేవి లేవు, ఒకదాని వెంట ఒకటి దూకుతూ చేసేవి లేవు. సూర్యనమస్కారం లేదు.

2.47 "ప్రయత్నశైథిల్యానంతసమాపత్తిభ్యామ్." ఆసనం కుదిరేది ఎలా? ప్రయత్నం సడలడం వల్ల, మనసు అనంతంలో నిలవడం వల్ల. అనంతమంటే అంతులేనిదని కొందరు, భూమిని మోసే ఆదిశేషుడని వాచస్పతి. ఇంత భూమిని మోస్తూ కదలని ఆ పడగల్ని తలచుకుంటే ఒళ్ళు కదలదని ఆలోచన. ఏదైనా రాయండి, రెండు అర్థాలున్నాయని మాత్రం చెప్పండి. ఇక్కడ భాష్యం అన్న ముఖ్యమైన మాట ఏమిటంటే, ప్రయత్నం ఆగిపోవడం వల్ల అంగమేజయం ఉండదని. అంగమేజయమంటే ఒళ్ళు అదరడం, కుదురు లేకపోవడం. ఈ మాట ఇక్కడ ఊరికే పడలేదు. మొదటి పాదంలో 1.31 చూడండి: మనసు చెదిరినప్పుడు దానితో పాటు వచ్చేవి నాలుగు, అవి దుఃఖం, మనసు కుంగడం, అంగమేజయం, ఉచ్ఛ్వాస నిశ్వాసాలు అదుపు తప్పడం. ఆసనం మూడోదాన్ని అణుస్తుంది. ప్రాణాయామం నాలుగోదాన్ని పడుతుంది. అంటే ఆసనం ఎందుకుందో జవాబు ఒంట్లో లేదు, చెదిరే మనసు లక్షణాల్లో ఉంది.

2.48 "తతో ద్వంద్వానభిఘాతః." దానివల్ల చలి, వేడి లాంటి జంటల దెబ్బ తగలదు. ఆసన ఫలం ఇంతే. ఆరోగ్యమన్న మాట సూత్రంలో లేదు, దాని భాష్యంలోనూ లేదు.

క్లాసులో చేసే ఆసనం పతంజలి ఆసనమో కాదో చూడాలంటే ఈ మూడు సూత్రాలే కొలబద్ద. శ్వాస ఎగబోస్తూ, తొడ కండరం వణుకుతూ ఉంటే అది 2.47కు సరిగ్గా ఎదురు. ప్రయత్నం సడలలేదు, పెరిగింది. అదే క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు బాసింపట్టు వేసుకుని, కాళ్ళ సంగతి మరిచిపోయి కూర్చున్నారా, అది ఎంత చిన్నదైనా 2.46 కిందికి వస్తుంది. కాబట్టి "ఆ క్లాసులో యోగం అసలే లేదు" అని కూడా రాయకండి. ఏ ఐదు నిమిషాలు దేని కిందికి వస్తాయో చూపించండి.

ఆరోగ్యం గురించి ఒక జాగ్రత్త. పతంజలికి ఒళ్ళు పట్టదని అనకండి. 1.30లో తొమ్మిది అడ్డంకుల్లో మొదటిది వ్యాధి. తపస్సు వల్ల ఒళ్ళు, ఇంద్రియాలు సిద్ధిస్తాయని 2.43 చెబుతుంది. ఒళ్ళు బాగుండటం దారిలో కావలసినదే, కానీ గమ్యం కాదు. ఆరోగ్యాన్ని ఆసన ఫలంగా బాహాటంగా చెప్పింది హఠయోగ గ్రంథాలు. పదిహేనో శతాబ్దపు స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపిక, హఠానికి ఆసనమే మొదటి అంగమని చెప్పి, దానివల్ల స్థైర్యం, ఆరోగ్యం, ఒళ్ళు తేలికపడటం వస్తాయంటుంది (1.17). అక్కడ యమ నియమాలు అంగాల లెక్కలోకి రావు. నేటి క్లాసుకు పూర్వీకుడి కోసం వెతికితే పతంజలి ఇంటికంటే ఈ ఇల్లే దగ్గర. అయితే స్వాత్మారాముడికి కూడా హఠం రాజయోగానికి ఎక్కే నిచ్చెనే.

ప్రాణాయామం, ప్రత్యాహారం మీద ఎక్కువ ఆగను. ప్రాణాయామాన్ని పతంజలి శ్వాస రాకపోకల "గతివిచ్ఛేదం" అన్నాడు, అంటే నడక తెగడం. ఫలం ఊపిరితిత్తుల బలం కాదు, వెలుగును కప్పిన తెర పలచబడటం (2.52), మనసు ధారణకు తగినదవడం (2.53). మళ్ళీ అదే గట్టు తెంచే లెక్క. ప్రత్యాహారానికి భాష్యం తేనెటీగల పోలిక చెబుతుంది. రాజు ఈగ ఎగిరితే అన్నీ ఎగురుతాయి, వాలితే అన్నీ వాలతాయి. మనసు నిలిస్తే ఇంద్రియాలు నిలుస్తాయి. కళ్ళు మూసుకుని చెవుల్లో దూది పెట్టుకోవడం ప్రత్యాహారం కాదని దీంతో తేలిపోతుంది.

లోపలి మూడు: ఒకే దీపం మీద

ధారణ, ధ్యానం, సమాధి. వీటిని వేరు వేరు పనులుగా రాయడం పెద్ద తప్పు. ఒకటే పని చిక్కబడుతూ పోవడం అది. ధారణకు నాభి, హృదయం, ముక్కు కొస లాంటి చోట్లు భాష్యం చెబుతుంది. బయటి వస్తువైనా సరేనంటుంది. అందుకని ఒక దీపం అనుకుందాం.

దీపం మీద మనసు కట్టారు. కాసేపటికి రేపటి పరీక్ష గుర్తొచ్చింది. మళ్ళీ దీపం దగ్గరికి తెచ్చారు. పక్క గదిలో ఫోను మోగింది. మళ్ళీ తెచ్చారు. ఇది ధారణ, చోటు ఒకటే గానీ తలపులు తెగుతూ అతుకుతూ ఉన్నాయి. దీపం, దీపం, దీపం అని ఒకే తలపు నడుమ వేరేదేదీ చొరబడకుండా సాగితే అది ధ్యానం (3.2). నీళ్ళు చుక్కలుగా పడటానికీ నూనె ధారగా పడటానికీ ఉన్న తేడా. కానీ ధ్యానంలో ఇంకా మూడు ఉన్నాయి: ధ్యానించే నేను, ధ్యానించడం, దీపం. ఇందులో "నేను ధ్యానిస్తున్నాను" అన్నది కూడా జారిపోయి దీపం ఒక్కటే మెరిస్తే సమాధి. 3.3లో "స్వరూపశూన్యమివ" అని ఉంటుంది. ఆ చివరి "ఇవ"ను, అంటే "అన్నట్టు"ను, వదలకండి. ధ్యానం తన రూపం నిజంగా పోగొట్టుకోలేదు, పోయినట్టు ఉంది. ఈ ఒక్క మాట జారితే సమాధి అంటే స్పృహ తప్పడం అని తేలిపోతుంది.

అలాగే తేల్చేవాళ్ళు చాలామంది. క్లాసు చివర శవాసనంలో పడుకుని, ఏమీ తెలియకుండా పోయి, లేచి "సమాధిలోకి వెళ్ళాను" అనుకుంటారు. పతంజలి దీనికి ముందే జవాబిచ్చాడు. ఆయన లెక్కలో నిద్ర కూడా ఒక చిత్తవృత్తే, అంటే మనసు కదలికే (1.10). "ఏమీ లేదు" అన్నదాన్నే ఆలంబనగా పట్టుకున్న వృత్తి. రుజువేమిటంటే, లేచాక "హాయిగా నిద్రపోయాను" అని గుర్తుచేసుకుంటాం. అనుభవం లేనిదే జ్ఞాపకం ఉండదు కదా అని భాష్యం. యోగమంటే చిత్తవృత్తి నిరోధం (1.2) కాబట్టి, ఆపవలసిన ఐదు వృత్తుల్లో నిద్ర కూడా ఉంది. శవాసనపు మైకం సమాధి కాకపోవడానికి ఇంతకంటే సూటి ఆధారం లేదు.

ఆ బోర్డు సంగతి

బోర్డు మీది పేరు మీ ఊరికి దగ్గరలోనే పుట్టింది. 1930లలో మైసూరు రాజు నాలుగో కృష్ణరాజ ఒడయరు ఆశ్రయంలో తిరుమలై కృష్ణమాచార్య (1888–1989) జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. తర్వాత ఆయన మద్రాసుకు మారారు. ఆయన దగ్గర నేర్చుకున్న పట్టాభి జోయిస్ (1915–2009) మైసూరులో నేర్పిన పద్ధతికి అష్టాంగ విన్యాస యోగం అని పేరు. శ్వాసతో కలిపి ఆసనాలను ఒక నిర్ణీత వరసలో గొలుసుకట్టుగా చేయడం అందులో ముఖ్యం. అది దేశదేశాలకు వెళ్ళి, పేరు కురచయి "అష్టాంగ" అని తిరిగొచ్చింది. వాళ్ళు పతంజలి సూత్రాలను గౌరవిస్తారు, ఆసనం నుంచి మిగతా అంగాలు వికసిస్తాయని నమ్ముతారు. కాబట్టి "మోసం" అని రాయకండి. అది ఆసనాన్ని ద్వారంగా పెట్టుకున్న ఆధునిక వ్యాఖ్యానం, సూత్రపాఠం మాత్రం కాదు అనండి. ఆసనం లేకుండానే యోగాన్ని చెప్పిన పాత జాబితా కూడా ఉంది. మైత్రాయణీయ ఉపనిషత్తులో ఆరు అంగాలే: ప్రాణాయామం, ప్రత్యాహారం, ధ్యానం, ధారణ, తర్కం, సమాధి. ఆసనం లేదు, దాని బదులు తర్కం ఉంది! ఫిలాసఫీ విద్యార్థులకు ఇష్టమయ్యే మాట ఇది.

రాసేటప్పుడు ఎంతెంత అంటే, 1500 పదాల వ్యాసమైతే 2.28 మీద మూడో వంతు పెట్టండి. ఆసనపు మూడు సూత్రాలు, యమంలో ఒక ఉదాహరణ కలిపి ఇంకో మూడో వంతు. లోపలి మూడు అంగాలకు మిగతాదాంట్లో పెద్ద భాగం. బోర్డుకు ఒక్క పేరా చాలు. సమాధి దగ్గర ముగించకండి, 3.8 కూడా చేర్చండి. 3.7లో ధారణ, ధ్యాన, సమాధులను అంతరంగం, అంటే లోపలి అంగం, అన్న పతంజలే మరుసటి సూత్రంలో, ఏ ఆలంబనా మిగలని నిర్బీజ సమాధికి ఇవి కూడా బహిరంగం, అంటే బయటి అంగమే, అన్నాడు. అంటే ఎనిమిదో అంగం కూడా గొడ్డలే, చెట్టు పడ్డాక దాన్నీ పక్కన పెట్టాల్సిందే.